బోర్డు మీది ధర, మనసులోని ధర: పొందూరు పంచె మీద రిబేటు చేసే పని

శ్రీకాకుళం జిల్లా పేరు చెప్పుకొని బయట ఊళ్లలో అమ్ముడుపోయే సరుకుల్లో పలాస జీడిపప్పు ఒకటి, పొందూరు సన్నఖాదీ మరొకటి. రెండింటికీ పేరుంది, రెండింటికీ నకిలీల బెడద ఉంది, రెండూ తగ్గింపు ధరలకు దొరకడమూ ఉంది. అయినా తగ్గింపు ఆ రెండింటి మీదా ఒకే రకంగా పనిచేయదు. జీడిపప్పు మీద కిలోకు ఎనభై రూపాయలు తగ్గిస్తే కొనేవారు సంతోషించి ఇంకో అరకిలో కట్టమంటారు. సన్నఖాదీ పంచె మీద నాలుగు వందలు తగ్గిస్తే కొనేవారు పంచెను వెలుతురుకు పట్టి చూడడం మొదలుపెడతారు. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే, తరచూ ఇచ్చే తగ్గింపు ఒక పేరును లోపలి నుంచి ఎలా తొలుస్తుందో చాలావరకు అర్థమవుతుంది.

జీడిపప్పు నాణ్యత కంటికి కనిపిస్తుంది. గుండో బద్దో ముక్కో చూడగానే తెలుస్తుంది. గుండులో రకాలకు అంకెలున్నాయి. డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే ఆ అంకెలు ఒక పౌను బరువుకు ఎన్ని పలుకులు తూగుతాయో చెబుతాయి కాబట్టి అంకె పెరిగేకొద్దీ పలుకు చిన్నదవుతుంది. నూరు గ్రాములు తూచి లెక్కపెడితే డబ్ల్యూ 320 అయితే సుమారు 70 పలుకులు, డబ్ల్యూ 180 అయితే సుమారు 40 వస్తాయి. నోట్లో వేసుకుంటే మెత్తబడిందో లేదో, పాతవాసన వచ్చిందో లేదో క్షణంలో తేలిపోతుంది. ఇన్ని సాక్ష్యాలు చేతిలో ఉన్నప్పుడు ధర నాణ్యతకు సాక్ష్యం చెప్పవలసిన అవసరం లేదు. అక్కడ ధర ఖర్చు మాత్రమే, తగ్గితే లాభం మాత్రమే.

సన్నఖాదీ సంగతి అలా కాదు. పొందూరు నేతకు పేరు తెచ్చినది నూలు సన్నదనం, ఆ నూలును చేత్తో వడకడం. పత్తి గింజ మీది దూదిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి మాయకుండా అరటి దొప్పలో దాచుకొని, ఒకే కదురున్న చరఖా మీద 100 కౌంట్, ఆపైన కూడా వడుకుతారు. కౌంట్ అంటే ఒక పౌను నూలులో 840 గజాల నూలు చుట్టలు, అంటే చిలపలు, ఎన్ని వస్తాయన్న లెక్క. 100 కౌంట్ నూలు ఒక గ్రాము తీసుకుంటే సుమారు 169 మీటర్ల పొడవుంటుంది. మూడు వందల గ్రాములు తూగే పంచె ఒకటుందనుకుంటే అందులో దాదాపు 50 కిలోమీటర్ల దారం ఉన్నట్టు. పొందూరు నుంచి శ్రీకాకుళం దాకా పరిచినా ఆ దారం ఇంకా మిగులుతుంది. అదంతా ఒక మనిషి వేళ్ల మధ్య నుంచి సాగినదే.

ఆ మాట నిజమో కాదో దుకాణంలో నిలబడి తేల్చుకునే మార్గం మాత్రం కొనేవారికి దాదాపు లేదు. చాలామందికి తెలిసిన పరీక్ష దారం పోగు కాల్చి చూడడం. కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే మెత్తని బూడిద మిగిలితే నూలు. గట్టి పూసలా ముడుచుకుంటే పాలియెస్టర్ కలిసినట్టు. ఆ పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. మిల్లు నూలూ పత్తే, చేతివడుకు నూలూ పత్తే, రెండూ ఒకేలా కాలతాయి. చేతివడుకు పోగులో అక్కడక్కడ కొద్దిగా లావు సన్నాలు కనిపిస్తాయి గనుక అలవాటున్న కన్ను భూతద్దం కింద గుర్తుపట్టగలదు. ఆ కన్ను ఏళ్ల తరబడి మగ్గం దగ్గరో గుడ్డల వ్యాపారంలోనో ఉన్నవారిది. పెళ్లికి పంచెలచాపు కొనడానికి వచ్చిన మనిషికి మిగిలేవి మూడే ఆధారాలు: దుకాణం పేరు, గుడ్డ మీది ఖాదీ గుర్తు, ధర. మొదటి రెండూ ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. రోజురోజుకూ మారేది, అందువల్ల ఎక్కువగా కంట పడేది, మూడోదే.

తగ్గింపు ఆ మూడో ఆధారాన్ని కదిలిస్తుంది. కొన్నాక కూడా తేల్చుకోలేని గుణాలను ధరను బట్టి నమ్మే అలవాటు మనుషుల్లో బలంగా ఉంటుందని మార్కెటింగ్ పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. 2005లో బాబా శివ్, జివ్ కార్మన్, డాన్ ఏరియలీ అచ్చువేసిన ప్రయోగాల్లో చురుకుదనం పెంచుతుందని చెప్పే ఒకే పానీయాన్ని కొందరు పూర్తి ధరకు, కొందరు తగ్గింపు ధరకు కొని తాగి, తర్వాత అక్షరాల చిక్కుముడులు విప్పారు. తగ్గింపు ధరకు కొన్నవారు తక్కువ చిక్కుముడులు విప్పగలిగారు. 2008లో మరో బృందం ఒకే ద్రాక్షసారాయిని ఒకసారి తక్కువ ధర చెప్పి, మరోసారి ఎక్కువ ధర చెప్పి రుచి చూపించినప్పుడు ఎక్కువ ధర విన్నవేళ రుచి బాగుందన్నారు, మెదడులో ఆహ్లాదాన్ని సూచించే భాగంలో చలనమూ పెరిగింది. కొనడానికి ముందు కలిగే అభిప్రాయం దగ్గరే ధర ప్రభావం ఆగిపోదని, వాడినప్పటి అనుభవాన్ని కూడా అది మారుస్తుందని ఈ ప్రయోగాలు చూపించాయి. పూర్తి ధరకు కొన్న పంచె ఒంటికి చల్లగా ఉందనిపించడం, రిబేటులో కొన్నది కాస్త బిరుసుగా ఉందనిపించడం కొనేవారి చాదస్తమని కొట్టిపారేయకూడదు.

ఒక్కసారి తగ్గించినంత మాత్రాన ఇదంతా జరగదు. జరిగేది తరచుదనం వల్ల. ప్రతి కొనుగోలుదారు మనసులోనూ ఒక సరుకుకు ఇంత ఉండాలన్న ధర ఒకటి ఉంటుంది. అది బోర్డు మీద రాసిన ధర కాదు. ఇంతకుముందు చూసిన ధరలన్నీ కలిసి, ఈమధ్య చూసినవి ఎక్కువ బరువుతో చేరి ఏర్పడిన అంచనా. లెక్క సులువుగా ఉండడానికి, కొత్తగా చూసిన ధర పాత అంచనాను సగం దూరం తన వైపు లాగుతుందనుకుందాం. పంచె ధర 2,000 రూపాయలు. మొదట మనసులో ఉన్నదీ 2,000. గాంధీ జయంతికి 20 శాతం తగ్గింపుతో 1,600 చూశాక మనసులో ధర 1,800 అవుతుంది. సంక్రాంతికి మళ్లీ 1,600 చూస్తే 1,700కు దిగుతుంది. మార్చిలో మామూలు ధర 2,000 చూస్తే 1,850కి ఎక్కుతుంది. ఉగాదికి మళ్లీ 1,600 కనిపిస్తే 1,725. ఆషాఢంలో మరోసారి 1,600 అంటే 1,662. ఏడాది తిరగకుండానే 2,000 అనేది అసలు ధర కాకుండా పోయింది. ఇప్పుడు ఆ ధర చెబితే 338 రూపాయలు అదనంగా అడిగినట్టు వినిపిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, 1,600 అన్నప్పుడు కలిగే సంతోషం 400 రూపాయలదిగా మిగలక 62 రూపాయలదైపోయింది. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రతిపాదించినట్టు ఒకే మొత్తంలో వచ్చిన లాభం కంటే పోయిన నష్టం మనసుకు బరువుగా తోస్తుంది కాబట్టి, దుకాణం తగ్గించిన రోజున సంపాదించేది కొద్దిగా, తగ్గించని రోజున పోగొట్టుకునేది ఎక్కువగా ఉంటుంది.

ఈ లెక్కలో సగం అన్నది ఊహ. మనుషులు నేర్చుకునే వేగం సరుకును బట్టి మారుతుంది. దిశ మాత్రం మారదు.

మనసులో ధర దిగిపోవడం ఇంకా నాణ్యత మీద అనుమానం కాదు. అనుమానం తర్వాతి మెట్టు మీద వస్తుంది, అది ఒక ప్రశ్న రూపంలో వస్తుంది: ఎందుకు తగ్గించారు? తెలుగువారి గుడ్డల వ్యాపారంలో ఈ ప్రశ్నకు ఒకప్పుడు చక్కని సమాధానం ఉండేది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, శుభకార్యాలు ఉండవు, బేరాలు పడుకుంటాయి, శ్రావణానికి కొత్త సరుకు దిగాలి, కాబట్టి ఉన్నది తగ్గించి అమ్ముతారు. కారణం కాలానిది, గుడ్డది కాదని కొనేవారికి తెలుసు. ఆషాఢంలో తక్కువకు కొన్న పట్టుచీరను ఎవరూ తక్కువ చీర అనుకోరు, పైగా తెలివిగా కొన్నామనుకుంటారు. ఆషాఢం బోర్డు తీసిన వారానికే శ్రావణమాసం ఆఫరు, ఆ వెంటనే వినాయక చవితి ఆఫరు, తర్వాత దసరా, విజయనగరంలో అయితే పైడితల్లి సిరిమానోత్సవం రద్దీ కోసం ఇంకొకటి, దీపావళి, సంక్రాంతి, ఉగాది అంటూ గొలుసు కట్టినప్పుడు ఆ సమాధానం పనిచేయడం మానేస్తుంది. బేరాలు లేని నెలలోనూ తగ్గించి, బేరాలు ముంచెత్తే నెలలోనూ తగ్గిస్తే కారణం కాలానిది కాదని తేలిపోతుంది. మిగిలినవి రెండే కారణాలు. ధర ముందే పెంచి రాశారు అన్నది ఒకటి, గుడ్డలో ఏదో తగ్గింది అన్నది రెండోది. మొదటిది నిజాయతీ మీద అనుమానం, రెండోది నాణ్యత మీద అనుమానం. చేతివడుకు వంటి తేల్చుకోలేని గుణం దగ్గర ఈ రెండూ ఒకటే అయిపోతాయి: ధర గురించి అబద్ధం చెప్పినవారు నూలు గురించి మాత్రం నిజం చెబుతారా అని మనసు అడుగుతుంది.

ఆ మార్పు దుకాణంలో మాటల్లో వినిపిస్తుంది. అనుమానం లేని చోట కొనేవారు నూలు గురించి, అంచు గురించి, ఉతికితే ముడుచుకుంటుందా అన్న సంగతి గురించి అడుగుతారు. తగ్గింపులకు అలవాటుపడిన చోట మొదటి ప్రశ్న వేరు: “దీని అసలు ధరేటి బాబూ? ఆ కాయితం మీదున్నది కాదు, మీరిచ్చీది సెప్పండి.” దానికి అమ్మే కుర్రాడు ఇచ్చే జవాబు ఇంకా ప్రమాదకరం: “ఇప్పుడేటీ లేదమ్మా, జయంతికి రండి, తగ్గుతాది.” బేరం పోకూడదని మంచి మనసుతో అన్న ఆ మాటతో దుకాణం తన నోటితోనే రెండు సంగతులు నేర్పింది. ఈరోజు రాసి ఉన్న ధర నమ్మదగినది కాదు అన్నది ఒకటి, ఓపిక పట్టినవారే తెలివైనవారు అన్నది రెండోది. సెప్టెంబరులో పూర్తి ధర పెట్టి కొనుక్కెళ్లిన మనిషి అక్టోబరు 2న అదే పంచె కింద తగ్గింపు కాగితం చూసినప్పుడు, పేరును నమ్మి ముందుగా వచ్చినందుకు తనకు పడిన జరిమానాగా దాన్ని లెక్కవేసుకుంటారు. ఈ వ్యాపారంలో అందరికంటే విలువైన కొనుగోలుదారు ఆ మనిషే. తగ్గింపు మొదట దెబ్బతీసేది ఆ మనిషినే. ఇది సరిదిద్దడానికి కష్టమైన నష్టం, చాలా దుకాణాలు దీన్ని లెక్కలోకే తీసుకోవు.

ఖాదీ విషయంలో ఇక్కడ ఒక ముఖ్యమైన మలుపు ఉంది. చాలా ఏళ్లపాటు ఖాదీ మీద రిబేటు ప్రభుత్వం ఇచ్చింది. సంస్థలు తగ్గించి అమ్మి, ఆ తగ్గించిన మొత్తాన్ని ప్రభుత్వం నుంచి రాబట్టుకునేవి. అమ్మకాన్ని బట్టి డబ్బు వచ్చే ఆ పద్ధతి స్థానంలో 2010 ఏప్రిల్ 1 నుంచి ఉత్పత్తి విలువలో 20 శాతం సాయంగా ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆ సాయాన్ని వడికేవారు, నేసేవారు ఉండే కార్మిక పక్షం, తయారుచేసే సంస్థ, అమ్మే సంస్థ 25, 30, 45 పాళ్లలో పంచుకోవాలని నిర్ణయించారు. ఈ మార్పును సాధారణంగా లెక్కల వ్యవహారంగా చూస్తారు. ధర గురించి కొనేవారి మనసులో ఉన్న కథ దృష్ట్యా అది చాలా పెద్ద మార్పు. ప్రభుత్వం ఇచ్చే రిబేటు ఉన్నంతకాలం ‘ఎందుకు తగ్గించారు’ అన్న ప్రశ్నకు సమాధానం గుడ్డ బయట ఉంది: సర్కారు భరిస్తోంది, పేద వడుకువారి కోసం ఇస్తోంది. నాణ్యతకు దానితో సంబంధం లేదు. కొనేవారికి ఆ రిబేటు నేర్పినది అనుమానం కాదు, వేచి ఉండడం మాత్రమే. గాంధీ జయంతి దాకా ఆగితే చాలునన్న అలవాటు తరాల పాటు పాతుకుపోయింది. సాయం ఉత్పత్తి వైపు మళ్లాక కూడా అక్టోబరులో తగ్గింపు కాగితాలు కనబడుతూనే ఉన్నాయి. బోర్డు అదే, అక్షరాలు అవే, వెనక ఉన్న కారణం మాత్రం పలచబడింది. పాత కారణం తెలిసిన పెద్దవారు ఆ బోర్డును రిబేటుగా చదువుతారు. ఆ చరిత్ర తెలియని యువతరం దాన్ని మిగతా షోరూముల ఆఫర్ల వరసలోనే చదువుతుంది, అదే అనుమానంతో చదువుతుంది.

అనుమానం సంగతి అటుంచి, తగ్గింపు కనీసం రాబడినైనా పెంచుతుందా అంటే, దాన్ని నెలల వరుసలో చూడాలి. ఒక ఊహా దుకాణం తీసుకుందాం. పంచె 2,000కు అమ్ముతుంది, దానికి పడిన ధర 1,400, మిగులు 600. నెలకు నూరు పంచెలు పోతాయి. 20 శాతం తగ్గిస్తే 1,600కు అమ్మాలి, మిగులు 200 మాత్రమే. ధర ఐదో వంతు తగ్గితే మిగులు మూడింట రెండు వంతులు పోయింది. అంటే ఒక పంచె మిగులు రావాలంటే మూడు పంచెలు అమ్మాలి. తగ్గింపు నెలలో 220 పంచెలు పోయాయనుకుందాం. గల్లా పెట్టె నిండుగా కనిపిస్తుంది, దుకాణమంతా సందడిగా ఉంటుంది, యజమాని తృప్తిపడతాడు. కానీ ముందు నెలలో వచ్చినవారు ‘జయంతికి కొందాం’ అని వెనక్కి వెళ్లడంతో నూరుకు బదులు 60 పోయాయి. తర్వాతి నెలలో కొనవలసినవారు ముందే కొనేసుకున్నందువల్ల 70 పోయాయి. మూడు నెలలకు కలిపి 350 పంచెలు, మామూలుగా పోయే 300 కంటే 50 ఎక్కువ. మిగులు మాత్రం మొదటి నెల 36,000, తగ్గింపు నెల 44,000, మూడో నెల 42,000, మొత్తం 1,22,000. తగ్గింపే లేకపోతే 1,80,000 వచ్చేది. యాభై పంచెలు ఎక్కువ నేయించి, ఎక్కువ మడతపెట్టి, ఎక్కువ బిల్లులు రాసి, 58,000 రూపాయలు తక్కువ సంపాదించడం జరిగింది. ఒక్క అక్టోబరు బిల్లు పుస్తకం మాత్రమే చూసేవారికి ఇది ఎప్పటికీ కనిపించదు.

ఈ లెక్కలో ఒక పరిమితి ఉంది, దాన్ని దాచకూడదు. గిడ్డంగిలో పేరుకుపోయిన సరుకు ఉంటే, వడుకువారికి కూలీ చెల్లించడానికి వెంటనే డబ్బు కావలసివస్తే, 200 మిగులైనా చేతికొచ్చినదే మేలనిపించే సందర్భాలుంటాయి. ఖాదీ సంస్థల్లో చాలా తగ్గింపుల వెనక ఉన్నది అత్యాశ కాదు, ఆ నగదు కరువే. ఆ అవసరం నిజమైనప్పుడు కూడా దాని ధర ఎంతో తెలిసి ఇవ్వడం వేరు, అమ్మకం పెరిగిందని భ్రమపడి ఇవ్వడం వేరు.

ఇక ఈ అలవాటు నుంచి బయటపడడం ఎలాగన్నది అసలు చిక్కు. తగ్గింపులు హానికరమని తెలిసి ఒక్కసారిగా ఆపినవారికి ఏమైందో అమెరికాలో జరిగిన ఒక ప్రసిద్ధ ఉదంతం చూపిస్తుంది. జేసీపెన్నీ అనే పెద్ద దుకాణాల గొలుసు 2011లో దాదాపు 590 వేర్వేరు తగ్గింపు కార్యక్రమాలు నడిపింది. ఆపిల్ దుకాణాలను తీర్చిదిద్దిన రాన్ జాన్సన్ సారథిగా వచ్చి, 2012 ఫిబ్రవరి నుంచి కూపన్లు, ఆఫర్లు తీసేసి, సరుకుల మీద నేరుగా తక్కువ ధరలు రాయించాడు. కొనేవారు చెల్లించేది చాలా సరుకుల్లో ఇంచుమించు మునుపటి మొత్తమే. అయినా ఆ ఏడాది అమ్మకాలు సుమారు 25 శాతం పడిపోయాయి, 2013 ఏప్రిల్‌లో ఆయన్ను తప్పించారు, కూపన్లు తిరిగి వచ్చాయి. కొనేవారు కొట్టివేసిన పాత ధరను చూసి సరుకు విలువను అంచనా వేయడం నేర్చుకున్నారు. ఆ పాత ధర కనిపించకపోయేసరికి సరుకు విలువకు ఆనవాలే పోయింది. నలభై డాలర్లు కొట్టేసి పదహారు అని రాసిన చొక్కా నలభై డాలర్ల చొక్కా. పదహారు అని మాత్రమే రాసిన చొక్కా పదహారు డాలర్ల చొక్కా. ఏళ్ల తరబడి ఇచ్చిన తగ్గింపులు పూర్తి ధర మీద నమ్మకాన్ని తినేయడంతో ఊరుకోలేదు, తగ్గింపు లేని నిజమైన ధరను నమ్మే శక్తిని కూడా తినేశాయి.

మన వైపు దీనికి సమానమైన రూపం ఎమ్మార్పీ చుట్టూ నడిచే ఆట. ప్యాకెట్ మీద అచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధర అంటే అంతకుమించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే. దాన్ని నిర్ణయించేది తయారీదారే. హద్దును ఎత్తుగా గీసి, దాని మీద 40 శాతం తగ్గించామని చెప్పడం సులువు. దానికి ఎదురుగా నిజమైన ఖర్చు మీద లెక్కగట్టిన ధర రాసుకున్న నేత సంస్థ పది శాతం తగ్గింపు కూడా ఇవ్వలేక పక్కన నిలబడితే, కొనేవారికి పిసినారిలా కనిపిస్తుంది. ఇది ఆ సంస్థ తప్పు కాదు. అయినా ఆ పోటీలోకి దిగి తానూ ధర పెంచి తగ్గించడం మొదలుపెట్టిన రోజున, తన దగ్గర మాత్రమే ఉన్న ఆస్తిని, అంటే రాసిన మాట నిజమన్న పేరును, అందరి దగ్గరా ఉన్న ఒక బోర్డు కోసం మార్చుకున్నట్టవుతుంది.

కాబట్టి వెనక్కి రావడం మెల్లగా, కారణాలు తిరిగి కట్టుకుంటూ జరగాలి. మొదట చేయదగినది శాతం తగ్గించడం కాదు, రోజులు తగ్గించడం. 20 శాతాన్ని 10 శాతం చేస్తే అందరికీ కనిపించేది ‘ఈసారి తక్కువ ఇచ్చారు’ అన్న లోటే. అదే 20 శాతాన్ని నెల రోజులకు బదులు జయంతి వారానికి పరిమితం చేసి, ఏడాదిలో మరెప్పుడూ ఇవ్వకపోతే దానికి మళ్లీ ఒక కారణం, ఒక రోజు వస్తాయి. రెండోది, సన్ననూలు సరుకును తగ్గింపు నుంచి పూర్తిగా పక్కన పెట్టడం. చొక్కా గుడ్డ, తువ్వాళ్లు, దుప్పట్ల మీద ఎంత తగ్గించినా నష్టం తక్కువ, ఎందుకంటే వాటి దళసరితనం, కొలత, రంగు చేత్తో చూసి తెలుసుకోవచ్చు. 100 కౌంట్ పంచె మీద తగ్గించిన నాలుగు వందలే పేరును తొలిచేవి. మూడోది, తగ్గించక తప్పని చోట కారణాన్ని గుడ్డలోనే చూపించడం: పోగు తెగిన చోట కుంకుమ చుక్క పెట్టి, ‘ఇక్కడ నేత లోపం ఉంది, అందుకే 300 తక్కువ’ అని చెప్పి అమ్మిన పంచె మిగతా పంచెల ధరకు సాక్ష్యం చెబుతుంది. లోపమున్నదాన్ని లోపమని చెప్పే దుకాణం లోపం లేనిదాన్ని పూర్తి ధరకు అడిగితే నమ్మబుద్ధవుతుంది. అలా అమ్మినప్పుడు తగ్గింపే నాణ్యతకు రుజువుగా మారుతుంది.

ధర ఒక్కటే మోస్తున్న బరువును పంచుకోవడానికి ఇంకో సాక్ష్యం చూపించగలిగితే ఇంకా మంచిది. బల్ల మీద ఒక భూతద్దం, పక్కన చేతివడుకు నూలు ఒక గ్రాము చిలప, అంతే బరువున్న లావు మిల్లు నూలు ఒక చిలప ఉంచితే చాలు. 40 కౌంట్ నూలు గ్రాముకు దాదాపు 68 మీటర్లు, 100 కౌంట్ నూలు 169 మీటర్లు. రెండింటినీ పక్కపక్కన చుట్టి చూపితే సన్నదనమంటే ఏమిటో కంటికి తెలుస్తుంది. భూతద్దం కింద చేతివడుకులోని చిన్న చిన్న హెచ్చుతగ్గులు చూపించి, ఇవి లోపాలు కావు, వేళ్ల గుర్తులు అని చెప్పవచ్చు. సన్నఖాదీని జీడిపప్పు అంత సులువుగా పరీక్షించుకునే సరుకుగా ఇది మార్చలేదు, కానీ ఆ దిశగా కొంత దూరం తీసుకెళుతుంది. తేల్చుకోగలిగింది పెరిగినకొద్దీ ధరను బట్టి ఊహించవలసింది తగ్గుతుంది.

పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి బిల్లు పుస్తకమే చాలు. ప్రతి నెలా పూర్తి ధరకు పోయిన పంచెలు ఎన్ని, తగ్గింపు ధరకు పోయినవి ఎన్ని అని రెండు గళ్లు గీసి రాసుకోవాలి. మొత్తం అమ్మకం చూడకూడదు, మొదటి గడినే చూడాలి. తగ్గింపు రోజులు కుదించిన మొదటి ఏడాది సెప్టెంబరు గడి ఇంకా బక్కగానే ఉంటుంది, ఎందుకంటే అలవాటుపడినవారు ఈసారీ ఆగి చూస్తారు. అక్టోబరు నెల చివరన వచ్చి ‘అప్పుడే అయిపోయిందా’ అని అడిగి ఖాళీ చేతులతో వెళ్లేవారుంటారు. వారికి రహస్యంగా తగ్గించి ఇవ్వాలన్న మోమాటం ఆ రోజుల్లో చాలా బలంగా ఉంటుంది, అలా ఇచ్చిన ఒక్క పంచె సంగతి వీధంతా తెలుస్తుంది. రెండో ఏడాది సెప్టెంబరు గడి మొదటి ఏడాది కంటే పెరిగితే, పెళ్లిళ్ల నెలల్లో పూర్తి ధర గడి నిండుతుంటే, మనసులోని ధర బోర్డు మీది ధర వైపు తిరిగి నడుస్తున్నట్టు లెక్క. అంతకుముందే కనిపించే గుర్తు ఇంకొకటుంది, అది పుస్తకంలో ఉండదు: లోపలికి వచ్చిన మనిషి పంచెను వెలుతురుకు పట్టి చూసి, ధర అడగడానికి ముందు, ఇది ఎన్నో నంబరు నూలు అని అడగడం.